క్యాప్చా మళ్లీ మళ్లీ మొదటికొస్తుంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

యూజర్ ఐడీ కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు, `I'm not a robot` గడిలో టిక్ కూడా పెట్టారు. లాగిన్ నొక్కగానే పేజీ ఒకసారి తెల్లగా అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకోసారి ప్రయత్నిస్తే ఈసారి ట్రాఫిక్ లైట్లు చూపించమంది, ఆ తర్వాత మెట్లు, ఆ తర్వాత మోటార్ సైకిళ్లు. అన్నీ సరిగ్గానే నొక్కారు, అయినా దానికి నమ్మకం కుదరలేదు. ఇలాంటప్పుడు చాలామంది పేజీని వరసపెట్టి రిఫ్రెష్ చేస్తారు. దానివల్ల అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆగకుండా ఒకే పేజీని అడిగేది మామూలుగా రోబోలే కదా!

ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూడటం నా పని. చుట్టాల కంప్యూటర్లు చూడటం జీతం లేని పని. రెండు చోట్లా నేను గమనించింది ఒకటే: బొమ్మలు సరిగ్గా గుర్తుపట్టలేక క్యాప్చా తప్పేవాళ్లు చాలా తక్కువ. అడ్డంకి ఎక్కువగా బ్రౌజర్లోనో, అందులో ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయిన ఎక్స్‌టెన్షన్‌లోనో, నెట్ కనెక్షన్‌లోనో ఉంటుంది. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. కాకపోతే ఒక వరసలో చూసుకుంటూ వెళ్లాలి.

ముందు మీ ముందున్నది ఏ రకమో చూడండి

లాగిన్ పేజీల్లో కనిపించే క్యాప్చాలు రెండు జాతులు. ఒకటి పాతది. వంకర టింకర అక్షరాల బొమ్మ, పక్కన ఖాళీ గడి, చిన్న రిఫ్రెష్ గుర్తు. మన ప్రభుత్వ పోర్టళ్లలో, కొన్ని బ్యాంకు పేజీల్లో ఇప్పటికీ ఇదే ఎక్కువ. ఆ బొమ్మను గీసేదీ, జవాబును సరిచూసేదీ ఆ సైటే.

రెండోది బయటి కంపెనీ తెచ్చి పెట్టిన పెట్టె. గూగుల్ వారి రీక్యాప్చా, హెచ్‌క్యాప్చా, క్లౌడ్‌ఫ్లేర్ వారి టర్న్‌స్టైల్ ఈ కోవలోవి. ఇక్కడ మీరు లాగిన్ అయ్యే సైటుకు పరీక్షతో సంబంధం లేదు. పరీక్ష పెట్టేది ఆ కంపెనీ సర్వర్. మీరు నెగ్గితే అది మీ బ్రౌజర్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. లాగిన్ నొక్కినప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఆ టోకెన్ సైటుకు వెళుతుంది. సైటు దాన్ని మళ్లీ ఆ కంపెనీకే చూపించి "ఇది మీరిచ్చిందేనా?" అని అడుగుతుంది. అవునంటేనే గేటు తెరుచుకుంటుంది.

సినిమా టికెట్ లాంటిదే ఈ టోకెన్. ఒక్కసారే చెల్లుతుంది, ఆ ఆటకే చెల్లుతుంది. రీక్యాప్చా, హెచ్‌క్యాప్చా టోకెన్లకు ఆయుష్షు రెండు నిమిషాలు. టర్న్‌స్టైల్ టోకెన్‌కు ఐదు నిమిషాలు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం సమస్యలు వాటంతటవే అర్థమవుతాయి.

ఇంకో చిన్న మాట. పాస్‌వర్డ్ తప్పు కొట్టినా చాలా సైట్లు క్యాప్చాను కొత్తగా మారుస్తాయి. మార్చితీరాలి కూడా, పాత టోకెన్ ఖర్చయిపోయింది కాబట్టి. చూసేవాళ్లకు మాత్రం క్యాప్చా ఒప్పుకోలేదని అనిపిస్తుంది. పేజీ పైనో, పాస్‌వర్డ్ గడి కిందో ఎర్రగా ఒక వాక్యం వచ్చిందేమో ముందు చదవండి. `Invalid credentials` అని ఉంటే క్యాప్చాతో మీకు గొడవ లేదు. పాస్‌వర్డ్ సంగతి చూసుకోండి, లేదంటే కొన్ని సైట్లలో నాలుగైదుసార్లకు ఖాతా లాక్ అయిపోవచ్చు.

అక్షరాల బొమ్మ రకం అయితే

ఇందులో జవాబు సైటు సర్వర్లో, మీ సెషన్ పేరు మీద దాచి ఉంటుంది. మీ సెషన్ ఏదో సర్వర్‌కు తెలిసేది కుకీ ద్వారా, అంటే సైటు మీ బ్రౌజర్లో దాచి ఉంచే చిన్న చీటీ ద్వారా. చాలా సైట్లలో ఒక సెషన్‌కు ఒక్క జవాబే నిలుస్తుంది. తంటా అంతా ఇక్కడే.

మీరు అదే లాగిన్ పేజీని రెండు ట్యాబుల్లో తెరిచారనుకోండి. మొదటి ట్యాబులో `7KMQ2` కనిపిస్తోంది. రెండో ట్యాబు తెరవగానే సర్వర్ `R9XTD` అని కొత్త బొమ్మ గీసి, పాత జవాబును చెరిపేసి దీన్ని రాసుకుంది. మీరు మొదటి ట్యాబుకు తిరిగొచ్చి కళ్లెదురుగా ఉన్న `7KMQ2` అక్షరం పొల్లుపోకుండా కొట్టినా తప్పే అంటుంది. బ్రౌజర్లో వెనక్కి బాణం నొక్కి పేజీకి వచ్చినా ఇదే జరగొచ్చు. తెర మీద పాత బొమ్మ, సర్వర్ దగ్గర కొత్త జవాబు.

అందుకే ఆ సైటు ట్యాబులన్నీ మూసేయండి. అడ్రస్ మళ్లీ కొట్టి ఒక్క ట్యాబులోనే తెరవండి. ముందు ఐడీ, పాస్‌వర్డ్ నింపండి. తర్వాత క్యాప్చా పక్కనున్న రిఫ్రెష్ గుర్తును ఒకసారి నొక్కి, కొత్త బొమ్మ వచ్చాక అది చూసి కొట్టండి. పేజీ తెరిచి ఫోన్ మాట్లాడి పావుగంట తర్వాత వస్తే సెషనే ముగిసిపోయి ఉండొచ్చు. అప్పుడు బొమ్మను కాదు, పేజీ మొత్తాన్ని మళ్లీ తెరవాలి.

ఫోన్లో అయితే కీబోర్డు చేసే సాయమే కొంప ముంచుతుంది. మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దక్షరం చేస్తుంది. సూచించిన పదాన్ని నొక్కితే చివర ఒక ఖాళీ చేరుస్తుంది. ఆ ఖాళీ కంటికి కనబడదు, సర్వర్‌కు మాత్రం అది ఒక అక్షరమే. గడిలో కర్సర్‌ను చివరికి తీసుకెళ్లి ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి. ఏ అక్షరమూ పోకపోతే అక్కడ ఖాళీ కూర్చుని ఉందని అర్థం.

ఇవన్నీ చేసినా ప్రతిసారీ తప్పే అంటుంటే ఆ సైటు కుకీలు మీ బ్రౌజర్లో నిలవడం లేదేమో చూడాలి. కుకీ నిలవకపోతే ప్రతి క్లిక్కుకూ మీరు సర్వర్‌కు కొత్త మనిషే. కొత్త మనిషికి పాత జవాబు ఉండదు.

పెట్టె రకం అయితే: మూడు పరీక్షలు, ఇదే వరసలో

మొదటి పరీక్ష ఇన్‌కాగ్నిటో. క్రోమ్‌లో `Ctrl+Shift+N`, ఫైర్‌ఫాక్స్‌లో `Ctrl+Shift+P`. ఇందులో మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, పాత కుకీలు ఉండవు. ఇక్కడ లాగిన్ సాఫీగా అయిపోతే దోషం ఎక్స్‌టెన్షన్‌దో, పాత కుకీదో.

ఇక్కడా కాకపోతే రెండో పరీక్ష. అదే కంప్యూటర్లో, అదే నెట్ మీద వేరే బ్రౌజర్. క్రోమ్‌లో కాకపోతే ఫైర్‌ఫాక్స్, ఫైర్‌ఫాక్స్‌లో కాకపోతే ఎడ్జ్. అందులో అయితే తప్పు మొదటి బ్రౌజర్ సెట్టింగుల్లో ఉంది.

అందులోనూ కాకపోతే మూడో పరీక్ష. వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. అప్పుడు అయితే దోషం ఇంటి కనెక్షన్‌ది. హాట్‌స్పాట్ మీద కూడా కాకపోతే అదే ఫోన్లో, వైఫై ఆపి, మొబైల్ డేటాతో నేరుగా ప్రయత్నించండి. అక్కడా అదే తీరైతే చాలావరకు తప్పు సైటుదే.

ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ఇన్‌కాగ్నిటో తెరిచి, వీపీఎన్ తీసేసి, రౌటర్ ఆపి, అన్నీ ఒకేసారి చేస్తే పని జరగొచ్చు గానీ ఏది కారణమో తెలియదు. వారం తర్వాత మళ్లీ ఇదే కథ.

మా మావయ్య ల్యాప్‌టాప్‌లో ఏం జరిగిందంటే

మా మావయ్య తెనాలిలో ఉంటారు, రిటైర్డ్ లెక్చరర్. ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా, నేను మనిషినేనని ఈ కంప్యూటర్‌కి ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు. ఆయన వెళ్లాలనుకున్న సైటు ముందు క్లౌడ్‌ఫ్లేర్ కాపలా ఉంది. ట్యాబు మీద `Just a moment...` అని వస్తోంది. గడిలో టిక్ పెడితే చక్రం తిరుగుతుంది, పేజీ మారినట్టే మారి మళ్లీ అదే గడి. ఇరవైసార్లు అయిందట.

"వేరే బ్రౌజర్ ఉందా మావయ్యా?" అని అడిగితే ఎడ్జ్‌లో తెరిచారు. ఒక్క దెబ్బకు లోపలికి వెళ్లింది. అంటే నెట్ కాదు. క్రోమ్‌లోనే ఇన్‌కాగ్నిటో తెరిపించాను, అందులోనూ వెళ్లింది. అంటే క్రోమ్ సెట్టింగులూ కాదు. మిగిలినవి ఎక్స్‌టెన్షన్లు, కుకీలు. ముందు ఆ ఒక్క సైటు కుకీలు తీయించాం, మార్పు లేదు.

ఇక `chrome://extensions` తెరవమన్నాను. పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆపి చూస్తే తెల్లారుతుంది కాబట్టి సగం సగం చేశాం. మొదటి ఆరు ఆపి చూస్తే లాగిన్ అయింది, కాబట్టి దొంగ ఆ ఆరులోనే ఉన్నాడు. వాటిలో మూడు తిరిగి పెడితే మళ్లీ చక్రం. ఆ మూడింట్లో ఒకటి ఆపితే మార్పు లేదు, రెండోది ఆపితే గేటు తెరుచుకుంది. పదకొండు ఉన్నా నాలుగు విడతల్లో తేలిపోయింది. ప్రతి విడతలోనూ లాగిన్ పేజీ ట్యాబును మూసి కొత్తగా తెరవడం మాత్రం మర్చిపోకూడదు. ఆపిన ఎక్స్‌టెన్షన్ ప్రభావం తెరిచి ఉన్న పేజీలో అలాగే మిగిలి ఉండొచ్చు.

దొరికింది యూజర్ ఏజెంట్‌ను, అంటే బ్రౌజర్ సైట్లకు చెప్పుకునే పేరును, మార్చే ఎక్స్‌టెన్షన్. "ఇదెందుకు మావయ్యా మీకు?" అంటే కాసేపు ఆలోచించి, "ఆ పాత సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకుంటానంటే ఎవరో కుర్రాడు పెట్టి వెళ్లాడ్రా" అన్నారు. అది అవసరం తీరాక కూడా అన్ని సైట్లకూ క్రోమ్‌ను ఎక్స్‌ప్లోరర్ అని పరిచయం చేస్తూనే ఉంది. క్యాప్చా బ్రౌజర్‌ను పేరు అడిగితే ఎక్స్‌ప్లోరర్ అంది. లోపల నడక చూస్తే క్రోమ్. పేరొకటి చెప్పి పనితీరు ఇంకోలా ఉంటే దాని లెక్కలో అది వేషం వేసుకొచ్చిన రోబో. మారువేషంలో వచ్చిన పెద్దమనిషి అని అది అనుకోదు కదా.

మీ బ్రౌజర్ ఏ పేరు చెప్పుకుంటోందో చూడాలంటే `F12` నొక్కి, `Console` అన్న చోట ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

```
navigator.userAgent
```

మీరు వాడేది క్రోమ్ అయితే వచ్చిన వరసలో `Chrome/` అని, దాని వెనక వెర్షన్ అంకె ఉండాలి. మావయ్య కంప్యూటర్లో `Trident/7.0` అని వచ్చింది. అది ఎక్స్‌ప్లోరర్ 11 ముద్ర. అయితే కొన్ని ఎక్స్‌టెన్షన్లు ఇక్కడ అసలు పేరే ఉంచి, సైటుకు పంపే ఉత్తరంలో మాత్రమే పేరు మారుస్తాయి. కాబట్టి ఇక్కడ సరిగ్గా కనిపించినంత మాత్రాన ఎక్స్‌టెన్షన్లకు క్లీన్ చిట్ ఇవ్వకండి. సగం సగం ఆపి చూసే పరీక్షే నమ్మదగింది.

ఇలా చిక్కు తెచ్చే ఎక్స్‌టెన్షన్లు మరికొన్ని ఉన్నాయి. స్క్రిప్టులను ఆపేవి, బ్రౌజర్ వేలిముద్ర దొరక్కుండా, అది బొమ్మలు గీసే కాన్వాస్‌ను కలగాపులగం చేసేవి, గట్టి జాబితాలు పెట్టుకున్న యాడ్ బ్లాకర్లు, బ్రౌజర్లోనే నడిచే ఉచిత వీపీఎన్‌లు. పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఒక్కోసారి తొందరపడుతుంది. వివరాలు నింపి తానే లాగిన్ నొక్కేసే అమరిక ఉంటే, టోకెన్ ఇంకా చేతికి రాకముందే ఫారం వెళ్లిపోతుంది. ఆటో సబ్మిట్ లాంటి అమరిక కనిపిస్తే ఆపేసి, నింపడం వరకే దానికి వదలండి.

మనవాళ్లు ఎవరూ అనుమానించని ఇంకొకటి ఉంది, ఆటోమేటిక్ అనువాదం. క్రోమ్‌లో ఇంగ్లిష్ పేజీలన్నీ తెలుగులో చూపించమని పెట్టుకుంటే, అది పేజీలోని అక్షరాలను తీసి వాటి చోట తన తెలుగు అక్షరాలు పెడుతుంది. రియాక్ట్ అనే వెబ్ పనిముట్టుతో కట్టిన లాగిన్ పేజీలు కొన్ని దీనికి తట్టుకోలేవు. తాము పెట్టిన చోట తమ ముక్క కనిపించక మధ్యలో ఆగిపోతాయి. బటన్ నొక్కినా కదలదు, లేదా పేజీ తెల్లబోతుంది. లాగిన్ అయ్యేంతవరకు అనువాదం ఆపి, లోపలికి వెళ్లాక కావాలంటే పెట్టుకోండి.

పెట్టె అసలు కనిపించకపోతే

టిక్ గడి ఉండాల్సిన చోట ఖాళీ ఉందంటే, లేదా `Could not connect to the reCAPTCHA service` అని వచ్చిందంటే, ఆ కంపెనీ సర్వర్ నుంచి రావాల్సిన ఫైలు మీదాకా రాలేదు. ఎందుకు రాలేదో బ్రౌజర్ తానే చెబుతుంది. మళ్లీ `F12` నొక్కండి, `Network` ట్యాబుకు వెళ్లండి, పేజీని ఒకసారి రీలోడ్ చేయండి. ఎర్రగా కనిపించే వరసల్లో ఈ పేర్లున్నవి వెతకండి: రీక్యాప్చాకు `www.google.com/recaptcha`, `www.gstatic.com`. హెచ్‌క్యాప్చాకు `hcaptcha.com`. టర్న్‌స్టైల్‌కు `challenges.cloudflare.com`.

ఎర్ర వరస కారణం `Console`లో రాసి ఉంటుంది. `ERR_BLOCKED_BY_CLIENT` అంటే ఆపింది మీ బ్రౌజర్లోని ఎక్స్‌టెన్షనే, నెట్‌ను తిట్టకండి. `ERR_NAME_NOT_RESOLVED` అంటే ఆ పేరుకు అడ్రస్ దొరకలేదు, అంటే డీఎన్‌ఎస్ దగ్గర తేడా. `ERR_CONNECTION_TIMED_OUT` అంటే అడ్రస్ తెలిసినా దారి మూసుకుపోయింది. ఆఫీసు ఫైర్‌వాల్, కాలేజీ నెట్‌వర్క్ లాంటి చోట్ల ఇది చూస్తాం. `ERR_CERT_DATE_INVALID` అంటే ముందు మీ గడియారం చూడండి.

గడియారం మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ పాత డెస్క్‌టాప్‌లలో నాకు తరచూ ఎదురయ్యేది ఇదే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. టోకెన్ ఆయుష్షే నిమిషాల్లో ఉన్నప్పుడు ఏళ్లు తప్పిన గడియారంతో బేరం కుదరదు. విండోస్ తేదీ సెట్టింగుల్లో `Sync now` నొక్కండి. రేపు మళ్లీ తప్పితే బ్యాటరీ మార్పించండి.

డీఎన్‌ఎస్ విషయానికొస్తే, ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రకటనలు రాకుండా `Private DNS` దగ్గర ఏదో పేరు పెట్టుకునే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. అందులో కొన్ని జాబితాలు మరీ గట్టివి, క్యాప్చా సర్వర్లను కూడా ప్రకటనల ఖాతాలో వేసేస్తాయి. దాన్ని `Automatic`కు మార్చి చూడండి. కంప్యూటర్లో అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా చూడొచ్చు.

```
nslookup challenges.cloudflare.com
```

అడ్రస్ బదులు `0.0.0.0` అని వస్తే మధ్యలో ఎవరో కావాలని అడ్డుపెట్టారు.

చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు ఇండియా సైట్లలో లాగిన్ కాలేక అవస్థ పడేదీ ఈ రకమే. అక్కడ గూగుల్ మూత కాబట్టి `www.google.com` నుంచి రావాల్సిన రీక్యాప్చా పెట్టె రాదు. గూగుల్ దీనికోసమే `www.recaptcha.net` అని వేరే దారి ఇచ్చింది. కానీ ఆ దారి వాడుకోవాల్సింది సైటు కట్టినవాళ్లు, మీ వైపు నుంచి మార్చడానికి ఏమీ లేదు.

టిక్ పడి, తర్వాత పోతే

టిక్ పెట్టాక కాసేపటికి `Verification expired. Check the checkbox again.` అని వచ్చిందంటే పైన చెప్పిన రెండు నిమిషాలు దాటాయి. ఇందులో జబ్బేమీ లేదు. చాలామంది ముందు టిక్ పెట్టి, తర్వాత పాస్‌వర్డ్ రాసుకున్న పుస్తకం వెతుక్కుంటారు. వరస తిప్పండి. అన్నీ నింపి, చివరగా టిక్, వెంటనే లాగిన్.

టిక్ ఉంది, గడువూ ఉంది, అయినా లాగిన్ నొక్కితే మళ్లీ అదే పేజీ వస్తోందంటే కుకీల మీద చూపు పెట్టండి. మావయ్య సైటులో ఉన్నలాంటి క్లౌడ్‌ఫ్లేర్ గేటు, మీరు నెగ్గాక `cf_clearance` అనే కుకీని బ్రౌజర్లో పెడుతుంది. తర్వాతి పేజీకి అదే పాసు. బ్రౌజర్ దాన్ని ఉంచుకోకపోతే ప్రతి పేజీ దగ్గరా మళ్లీ పరీక్షే, అంతులేని చక్రం. అడ్రస్ బార్‌లో సైటు పేరుకు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటుకు సంబంధించిన డేటా తీసేసి, కుకీలకు అనుమతి ఉందో లేదో చూడండి. బ్రౌజర్ చరిత్ర మొత్తం చెరిపేయాల్సిన పని లేదు. అలా చేస్తే మిగతా సైట్లన్నింట్లోంచీ లాగౌట్ అయిపోయి, ప్రతి చోటా కొత్త క్యాప్చా ఎదుర్కోవాలి.

బ్రేవ్ వాడేవాళ్లు సింహం గుర్తు నొక్కి ఆ సైటుకు మాత్రం షీల్డ్స్ దించి చూడండి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు డాలు గుర్తు నొక్కి ఆ సైటుకు మాత్రం రక్షణ ఆపి చూడండి. దానికీ లొంగకపోతే `about:config`లో `privacy.resistFingerprinting` వెతకండి. ఎవరి సలహా మీదో దాన్ని `true` చేసి ఉంటే, మీ బ్రౌజర్ గడియారం, తెర కొలతలు, బొమ్మల తీరు అన్నీ నకిలీవి చెబుతుంటుంది. గోప్యతకు మంచిదే, క్యాప్చాకు మాత్రం గిట్టదు. నా ఉద్దేశంలో గోప్యత అమరికలు గట్టిగా పెట్టుకున్న బ్రౌజర్ ఒకటి, లాగిన్ పనులకు ఏమీ తగిలించని మామూలు బ్రౌజర్ ఒకటి ఉంచుకోవడం సుఖం.

నెట్ కనెక్షన్ మీద అనుమానం పడితే

బొమ్మలు ఎంత సరిగ్గా నొక్కినా ఇంకా ఇంకా ఇస్తూ పోవడం, నెమ్మదిగా కరిగి వచ్చే బొమ్మలు రావడం, చివరికి `Your computer or network may be sending automated queries` అనడం. ఇవి ఐపీ అడ్రస్ మీద, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా మీద, అనుమానానికి గుర్తులు. బొమ్మలు నొక్కించకుండానే లోపలి లెక్కతో తేల్చే రకం కూడా ఉంది. 2018లో వచ్చిన రీక్యాప్చా మూడో వెర్షన్ మీకు 0.0 నుంచి 1.0 లోపు ఒక మార్కు వేసి సైటుకు చెబుతుంది. ఎంత మార్కు చాలో సైటు నిర్ణయించుకుంటుంది. మీకు గడీ కనపడదు, బొమ్మా కనపడదు, లాగిన్ మాత్రం కాదు.

మీరు ఏ తప్పూ చేయకుండా ఐపీకి చెడ్డపేరు ఎలా వస్తుందంటే, ఆ ఐపీ మీ ఒక్కరిదీ కాదు. ఐపీవీ4 అడ్రసులు చాలక, మొబైల్ కంపెనీలు, చాలా ఫైబర్, కేబుల్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఎంతోమందిని కూర్చోబెడతాయి. దాన్నే సీజీనాట్ అంటారు. మీ వీధి చివర ఎవరి కంప్యూటర్‌కో వైరస్ పట్టి రాత్రంతా సైట్లను గోకుతుంటే, ఆ పాపంలో మీకూ వాటా పడుతుంది. రౌటర్ పేజీ తెరిచి `WAN IP` చూడండి. అది `100.64` నుంచి `100.127` మధ్య అంకెలతో మొదలైతే మీరు ఆ ఉమ్మడి కాపురంలో ఉన్నట్టే.

అప్పుడు చేయగలిగింది కొంతే. రౌటర్ ఆపి పెడితే లోపలి అడ్రస్ మారొచ్చు గానీ, బయటికి కనిపించేది ఒక్కోసారి అదే ఉంటుంది. రౌటర్లో ఐపీవీ6 ఆఫ్‌లో ఉంటే, మీ కంపెనీ ఇస్తుంటే, ఆన్ చేయండి. ఐపీవీ6లో అడ్రసులకు కరువు లేదు కాబట్టి మీ ఇంటి అడ్రస్ మీదే అవుతుంది, పక్కవాళ్ల పేరు మీకు అంటదు. సైటు కూడా ఐపీవీ6 మీద నడుస్తుంటేనే ఈ లాభం. కంపెనీకి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడగొచ్చు, దానికి డబ్బులు తీసుకుంటారు. ఒక్క లాగిన్ కోసం అయితే హాట్‌స్పాట్ చాలు. మొబైల్ ఐపీ కూడా అనుమానంలో ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, కాసేపాగి తీసి చూడండి. చాలాసార్లు కొత్త అడ్రస్ వస్తుంది.

వీపీఎన్ ఆన్‌లో ఉంటే ముందు అది తీయండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఇండియా బయటి నుంచి తెరుచుకోని పోర్టళ్ల కోసం ఇండియా వీపీఎన్ పెట్టుకునేవాళ్లకు ఈ మాట కష్టంగానే ఉంటుంది. తీస్తే సైటే రాదు, పెడితే క్యాప్చా ఒప్పుకోదు. అలాంటప్పుడు సర్వర్ మార్చి చూడండి, అది కూడా పేజీ తెరవకముందే. టిక్ పెట్టినప్పుడు ఒక ఐపీ, లాగిన్ నొక్కినప్పుడు ఇంకో ఐపీ అయితే పరీక్ష మళ్లీ మొదలవుతుంది. కొన్ని ఉచిత వీపీఎన్‌లు ఇంకా దారుణం. మీ కనెక్షన్‌ను ఇతరులకు దారిగా అద్దెకిస్తాయి, అంటే మీ ఐపీ నుంచి ఎవరెవరో తిరుగుతుంటారు. అలాంటిది ఉంటే తీసేసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. చెడ్డపేరు వెంటనే పోదు.

తప్పు మీది కానప్పుడు

పెట్టెలోనే `ERROR for site owner: Invalid domain for site key` అని కనిపిస్తే మీరు ఏం చేసినా ప్రయోజనం లేదు. సైటువాళ్లు తమ తాళం చెవి తప్పు పెట్టుకున్నారు. టర్న్‌స్టైల్‌లో `110200` అన్న నంబర్‌దీ ఇదే అర్థం. అదే `200500` అయితే మీ వైపు ఏదో పెట్టెను అడ్డుకుంటోంది. `300` తోనో `600` తోనో మొదలయ్యే నంబర్ అయితే పరీక్ష నడిచింది గానీ మధ్యలో విఫలమైంది. పైన చెప్పిన మూడు పరీక్షలు దాని కోసమే.

ఒక్క చోట మాత్రం ఏ పరీక్షా చేయకుండా ట్యాబు మూసేయండి. క్యాప్చాలా కనిపించే పేజీ మిమ్మల్ని `Windows + R` నొక్కి, `Ctrl+V` కొట్టి, ఎంటర్ నొక్కమంటే అది క్యాప్చా కాదు. ఆ పేజీ అప్పటికే మీ క్లిప్‌బోర్డులో ఒక కమాండ్ పెట్టింది, మీ చేత్తోనే వైరస్ దింపిస్తోంది. క్యాప్చా ఎంత మొండిదైనా బ్రౌజర్ గడప దాటి బయటికి రమ్మనదు. నోటిఫికేషన్లకు `Allow` నొక్కితేనే మనిషివని నమ్ముతాననేది కూడా ఈ బాపతే.

చివరికి సైటువాళ్లకే రాయాల్సి వస్తే "క్యాప్చా రావట్లేదు" అని ఒక్క ముక్క రాయకండి, దానికి జవాబుగా కుకీలు క్లియర్ చేయమని వస్తుంది. బ్రౌజర్ పేరు, వెర్షన్, ప్రయత్నించిన తేదీ, గంట నిమిషాలతో సహా సమయం, కనిపించిన ఎర్రర్ నంబర్ రాయండి. క్లౌడ్‌ఫ్లేర్ పేజీ అయితే అడుగున `Ray ID` అని అంకెలు, అక్షరాలు కలిసిన ఒక వరస ఉంటుంది, దాన్ని కాపీ చేసి పెట్టండి. దాన్నిబట్టి మీ ప్రయత్నాన్ని ఏ నిబంధన ఆపిందో వాళ్లు లాగుల్లో వెతికి పట్టుకోగలరు. ఇన్‌కాగ్నిటోలో, వేరే బ్రౌజర్లో, మొబైల్ డేటాలో చూశానని కూడా ఒక వాక్యం కలపండి. అప్పుడు ఆ ఉత్తరం నేరుగా తెలిసినవాడి బల్ల మీదకు వెళ్లే అవకాశం ఉంది.